ఎండిన డ్రమ్ములో దోమ గుడ్లు: డ్రమ్ము, గోళెం, కూలర్ ఎలా కడగాలి, గుడ్లు పోయాయో లేదో ఎలా చూసుకోవాలి

మృగశిర దాటి నాలుగు వానలు పడగానే ఏటా నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "సార్, ఎండాకాలమంతా డ్రమ్ము బోర్లించే పెట్టినం. చుక్క నీళ్లు లేవు. వాన నీళ్లు పట్టిన మూడో రోజుకే పురుగులు తిరుగుతున్నయ్. ఎక్కడి నుంచి వచ్చినయ్?" హనుమకొండలో ఇరవై ఏళ్లుగా జువాలజీ చెబుతున్నాను కాబట్టి కాలనీలో వాళ్లు, పాత విద్యార్థులు, చుట్టాలు అందరూ నన్నే అడుగుతారు. కూలర్ గురించి మార్చిలో, పూలకుండీల గురించి బతుకమ్మ రోజుల్లో ఇదే ప్రశ్న మళ్లీ వస్తుంది.

జవాబు చిన్నదే. ఆ పురుగులు బయటి నుంచి రాలేదు. గుడ్లు పోయినేడాది నుంచీ డ్రమ్ము లోపలి గోడకే అంటుకుని ఉన్నాయి. బోర్లించిన డ్రమ్ములో నీడగా ఉంటుంది కాబట్టి అవి ఇంకా భద్రంగా ఉన్నాయి. మీరు నీళ్లు పోశారు, అవి లేచాయి. ఆ గుడ్లను చూడడం, తీసేయడం, నిజంగా పోయాయో లేదో తేల్చుకోవడం ఎలాగో కింద వరసగా రాస్తున్నాను.

ముందు ఈ కాస్త తెలిస్తే చాలు

డెంగీని మోసే దోమ పేరు ఏడిస్ ఈజిప్టై. కాళ్ల మీద తెల్ల చారలుండి పగలు కుట్టేది అదే. మురుగు కాలువల్లో పెరిగే క్యూలెక్స్ దోమ గుడ్లు నీటి మీద తెప్పలా తేలుతాయి. మలేరియా దోమ అనాఫిలిస్ కూడా నీటి మీదే పెడుతుంది. నీళ్లు ఎండిపోతే ఆ రెండింటి గుడ్లూ ఎక్కువ కాలం నిలవవు. ఏడిస్ అలా కాదు. నీటి మట్టానికి కొంచెం పైన, చెమ్మగా ఉన్న గోడకు ఒక్కొక్క గుడ్డునూ అతికిస్తుంది. ఒక విడతకు వంద దాకా పెడుతుంది. అన్నీ ఒకే చోట పెట్టకుండా కొన్ని డ్రమ్ములో, కొన్ని కుండీ ప్లేటులో, కొన్ని పక్కింటి రోట్లో పెట్టి పోతుంది.

పెట్టినప్పుడు గుడ్డు తెల్లగా ఉంటుంది. గంటా రెండు గంటల్లో నల్లబడుతుంది. మొదటి సగం రోజులో గోడ ఆరిపోతే గుడ్డు ముడుచుకుపోయి చచ్చిపోతుంది. సుమారు 12 నుంచి 15 గంటలు గడిచేసరికి మాత్రం లోపలి పిండం తన చుట్టూ ఒక పల్చని పొర కట్టుకుంటుంది. రొయ్య పొట్టులో ఉండే కైటిన్ ఈ పొరలోనూ ఉంటుంది. ఆ పొర పడ్డాక లోపలి తడి బయటికి పోదు. రెండు మూడు రోజుల్లో లోపల పురుగు పూర్తిగా తయారై, అక్కడే ఆగి నీళ్ల కోసం ఎదురుచూస్తుంది. నీడలో ఉంటే నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా అలాగే బతికి ఉంటుంది. అంటే నిన్న పెట్టిన గుడ్డును ఈరోజు ఎండబెట్టి లాభం లేదు.

ఇక్కడ చాలామంది పొరపడే మాట ఒకటుంది. "చలికాలంలో గుడ్లు నిద్రపోతాయి, కాలం మారితే లేస్తాయి" అంటారు. అలాంటి కాలం లెక్క నిద్రను డయాపాజ్ అంటారు. అది ఏడిస్ ఆల్బోపిక్టస్ అనే మరో చారల దోమలో, జపాన్, ఇటలీ లాంటి చలి దేశాల్లో కనిపిస్తుంది. అక్కడ శరత్కాలంలో పగళ్లు కురచ అవుతుంటే తల్లి దోమ ఆ సంగతి పసిగట్టి, నీళ్లు తగిలినా లేవని గుడ్లు పెడుతుంది. చలి దాటితేనే అవి లేస్తాయి. ఆ దోమే ఉష్ణ దేశాల్లో ఉన్నచోట సాధారణంగా అలా చేయదు. మన ఇళ్లలోని ఈజిప్టైకి అసలు ఆ నిద్రే లేదు. దాని గుడ్డు చూసుకునేది నీళ్లనే, నెలను కాదు. అందుకే జనవరిలో డ్రమ్ము నింపినా, మార్చిలో కూలర్ నింపినా లేస్తుంది. "ఇప్పుడు సీజన్ కాదు" అని ఆగితే నష్టపోయేది మనమే.

ఇంకొక్క సంగతి. గుడ్డు తడిస్తేనే సరిపోదు, నీళ్లలో మునగాలి. ఆ నీటిలో ఆకులో దుమ్మో కుళ్లి ఆక్సిజన్ తగ్గితే గుడ్డు త్వరగా పగులుతుంది. అప్పుడు కూడా అన్నీ ఒకేసారి లేవవు. కొన్ని మొదటి మునకకు, కొన్ని రెండో మునకకు, ఇంకొన్ని ఆ తర్వాత లేస్తాయి. "ఒకసారి పురుగులు వచ్చాయి, పారబోశాం, అయిపోయింది" అనుకున్న ఇంట్లో పదిహేను రోజులకు మళ్లీ రావడానికి కారణాల్లో ఇదొకటి.

ఇప్పుడు మన నల్లా సంగతి చూడండి. ఒకరోజు విడిచి ఒకరోజు నీళ్లొచ్చే వీధిలో డ్రమ్ము మట్టం దిగుతుంది, మళ్లీ నిండుతుంది. దిగినప్పుడు తడి గోడ బయటపడుతుంది, దోమ అక్కడ గుడ్లు పెడుతుంది. రెండు మూడు రోజుల్లో గుడ్డు ముదురుతుంది. ఆ తర్వాత మీరు నిండా పట్టినప్పుడు అది మునుగుతుంది. డ్రమ్మును పూర్తిగా ఖాళీ చేయకుండా పై నుంచి పైనే నింపుకునే ఇల్లు దోమకు ఇంతకంటే ఏం చేసిపెట్టాలి?

కావలసినవి

టార్చి లేదా ఫోన్ లైటు. తెల్ల పాత బట్ట ముక్క. గట్టి ప్లాస్టిక్ బ్రష్, మూలలకు పాత టూత్‌బ్రష్. బట్టలుతికే సబ్బు పొడి. బ్లీచింగ్ పౌడర్ పావుకిలో, కొత్త ప్యాకెట్ అయితే మంచిది. మూత తీసి నెలలు పెట్టిన పౌడర్‌లో క్లోరిన్ ఎగిరిపోయి సున్నం మిగులుతుంది, ఘాటు వాసన లేకపోతే అది పనికిరాదు. ప్లాస్టిక్ మగ్గు, రబ్బరు గ్లౌజులు, కళ్లద్దాలు. పరీక్షకు మూతున్న చిన్న గాజు సీసా. దొరికితే పిల్లల భూతద్దం. డ్రమ్ము మూతికి కట్టడానికి దగ్గరి నేత బట్ట, సైకిల్ ట్యూబు ముక్క.

1. కడగకముందే గోడ చూడండి

అందరూ నీళ్లలో పురుగులున్నాయేమో చూస్తారు, గోడ చూడరు. డ్రమ్ము నీళ్లు సగానికి దింపి, టార్చిని గోడకు ఆనించి పక్క నుంచి వెలుగు పడేలా పట్టండి. ఎదురుగా పట్టిన వెలుగులో గుడ్లు కనపడవు. పక్క వెలుగులో ఒక్కొక్కటీ చిన్న నీడతో లేచి కనిపిస్తుంది. గసగసాల గింజ కంటే సన్నగా, రెండు కొనలూ సూదిగా, నల్లగా మెరుస్తుంటాయి. పొడవు మిల్లీమీటరు కూడా ఉండదు. నీటి గీతకు పైన ఒక వేలు వెడల్పు పట్టీలో ఎక్కువగా ఉంటాయి. డ్రమ్ము మట్టం రోజూ మారుతుంది కాబట్టి పట్టీలు రెండు మూడు ఉండవచ్చు. మూతి అంచు కింద, ప్లాస్టిక్ అతుకు గీతలో, సిమెంటు గోళెం గరుకులో తప్పక వెతకండి. నున్నటి గోడ కంటే గరుకు గోడే దోమకు ఇష్టం.

మురికా, గుడ్డా అని అనుమానం వస్తే తెల్లబట్ట తడిపి గట్టిగా రుద్ది చూడండి. మురికి బట్ట మీద మరకలా సాగుతుంది. గుడ్లు విడివిడి నల్ల గింజల్లా ఉంటాయి. ఒక గింజను గోళ్ల మధ్య నొక్కితే బతికి ఉన్న గుడ్డు చిట్లి తడి తగులుతుంది. ఫోన్ కెమెరాను జూమ్ చేసి చూస్తే ఇంకా తెలుస్తుంది: నిండుగా ఉబ్బి ఉంటే బతికి ఉన్నట్టు, మధ్యలో సొట్ట పడితే ఎండి చచ్చినట్టు, ఒక కొన మూతలా ఊడిపోయి ఉంటే పురుగు ఎప్పుడో బయటికి వెళ్లినట్టు.

ఈ బట్టను పారేయకండి, 6వ మెట్టులో పనికొస్తుంది. మడిచి, పొడిగా, మూతున్న డబ్బాలో పెట్టండి.

2. నీళ్లు ఎక్కడ పారబోయాలో చూసుకోండి

ఎండ పడే పొడి మట్టి మీద, ఒకేచోట మడుగు కట్టకుండా చల్లండి. మట్టి పీల్చుకుంటే పురుగులు చస్తాయి. పూలకుండీలో, పక్కనున్న ఇంకో తొట్టిలో, మూసుకుపోయిన కాలువలో పోయకండి. నీళ్లు వృథా అని బాధగా ఉంటే బట్టతో వడగట్టి వాకిలి చల్లడానికి వాడుకోండి, ఆ బట్టను మండే ఎండలో ఆరేయండి.

3. సబ్బుతో రుద్దండి

ఖాళీ డ్రమ్మును పడుకోబెట్టి, గోడ తడిగా ఉండగానే సబ్బు పొడి చల్లి బ్రష్‌తో రుద్దండి. అడుగు నుంచి మూతి దాకా గోడంతా రుద్దాలి. ఆడవాళ్లు అడుగు బాగా రుద్దుతారు, ఎందుకంటే పాచి, మడ్డి అక్కడ ఉంటాయి. గుడ్లు ఉండేది పై సగంలో. మూతి అంచును లోపలి నుంచి వేలితో తడిమి, ఆ వంపులో టూత్‌బ్రష్ తిప్పండి. 200 లీటర్ల డ్రమ్ముకు పది నిమిషాలు పడుతుంది. రెండు నిమిషాల్లో ముగిస్తే అంచు మిగిలిపోయిందన్నమాటే.

ఉత్త నీళ్లు కొట్టి తిప్పి పారబోస్తే గుడ్లు ఊడవు. గుడ్డు గోడకు జిగురుతో అతుక్కుని ఉంటుంది, రాపిడి తగలాలి.

4. బ్లీచింగ్ పూత

రుద్దాక కూడా గరుకుల్లో కొన్ని మిగులుతాయి. వాటికి ఈ పూత. హోండురాస్‌లో ఆడవాళ్లు బట్టలుతికే తొట్లకు ఇళ్లలో దొరికే బ్లీచ్‌ను నీటి గీత పైన గోడకు పూసి, కాసేపు ఆగి కడిగే పద్ధతిని 1990లలో పరీక్షించి చూశారు. మన దగ్గర అంత చిక్కని బ్లీచ్ ద్రవం వాడకం తక్కువ కాబట్టి పౌడర్‌తో చేసుకుందాం.

ప్లాస్టిక్ బకెట్‌లో లీటరు నీళ్లు పోసి, 150 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కొద్దికొద్దిగా వేసి కర్రతో కలపండి. పల్చని సున్నం నీళ్లలా అవుతుంది. ముందు సబ్బు నురగను కడిగేసి, ఈ ద్రవాన్ని పాత బ్రష్‌తో గోడంతా పూయండి. 15 నిమిషాలు ఆరిపోకుండా చూడండి, మధ్యలో ఆరితే మరోసారి పూయండి. తర్వాత మళ్లీ రుద్ది, మూడుసార్లు మంచినీళ్లతో కడగండి.

జాగ్రత్తలు గట్టిగా చెబుతున్నాను. ఈ పని ఆరుబయట చేయండి, బాత్రూంలో తలుపేసుకుని కాదు. టాయిలెట్లు కడిగే యాసిడ్‌ను దీనితో కలపకండి, యాసిడ్ పోసిన బకెట్‌ను కూడా వాడకండి. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, ఊపిరాడదు. ఇనుప డ్రమ్ము, ఇత్తడి గుండిగ, రాగి బిందెలకు ఈ పూత వద్దు, లోహం తినేస్తుంది. చేతికి గ్లౌజులు, కంటికి అద్దాలు ఉండాలి. ఆస్తమా ఉన్నవాళ్లు ఈ పని ఇంకొకరికి అప్పగించండి.

బ్లీచింగ్ వద్దనుకుంటే, చిన్న పాత్రలకు సలసల మరిగే నీళ్లు చాలు. బకెట్, కుండీ ప్లేటు, పక్షులకు నీళ్లు పెట్టే చిప్ప, రోలు లాంటివాటి గోడంతా తడిసేలా పోసి కొన్ని నిమిషాలు ఉంచండి. గోరువెచ్చని నీళ్లు పోస్తే గుడ్లను లేపినట్టే, చంపినట్టు కాదు. పల్చని ప్లాస్టిక్ వంకర పోతుంది, చూసుకోండి.

5. మూతి కట్టండి

శుభ్రం చేసిన డ్రమ్ముకు దగ్గరి నేత బట్ట బిగించి, అంచు చుట్టూ ట్యూబు ముక్కతో కట్టండి. రెండు పొరపాట్లు తరచుగా చూస్తాను. మొదటిది, బట్ట వదులుగా ఉండి మధ్యలో గుంటపడి నీళ్లకు తగలడం. అప్పుడు ఆ తడి బట్టే గుడ్లు పెట్టే చోటవుతుంది. రెండోది, నల్లా పైపు దూర్చడానికి మూతకు పెట్టిన రంధ్రం. నీళ్లు పట్టాక పైపు తీసేస్తారు, రంధ్రం తెరుచుకునే ఉంటుంది. దోమకు ఆ సందు చాలు. అక్కడ గుడ్డ ముక్క దోపండి.

6. గుడ్లు పోయాయా? సీసా పరీక్ష

నాకు అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇది. ఎక్కువమంది చేయనిదీ ఇదే.

కడిగి ఆరిన డ్రమ్ము గోడను, ముఖ్యంగా మూతి అంచును, తడిపిన కొత్త తెల్లబట్టతో గట్టిగా తుడవండి. నల్ల గింజలు ఏమీ రాకపోతే మొదటి పరీక్ష పాసైనట్టే. వస్తే అవి బతికున్నవో కావో తేలాలి. దానికి ఇలా చేయండి.

నీళ్లు ఐదు నిమిషాలు బాగా మరిగించి, గాజు సీసాలో అంచు దాకా పోసి, మూత పెట్టి పూర్తిగా చల్లారనివ్వండి. మరిగితే నీటిలోని ఆక్సిజన్ పోతుంది. గుడ్డు పగలడానికి కావలసిన సంకేతం అదే. చల్లారాక బట్ట ముక్కను కత్తిరించి అందులో ముంచి, చిటికెడు బేకరీ ఈస్ట్ వేసి మూత బిగించండి. ఈస్ట్ లేకపోతే నాలుగైదు బియ్యం గింజలంత అన్నం మెదిపి వేయండి. బతికున్న గుడ్లుంటే కొన్ని గంటల్లో, ఆలస్యమైతే మర్నాటికల్లా వెంట్రుక ముక్కల్లాంటి పురుగులు కదులుతాయి. సీసాను కిటికీ వెలుతురుకు పట్టి చూడండి.

ఒకసారి ఏమీ రాలేదని వదిలేయకండి. బట్టను తీసి నీడలో మూడు రోజులు ఆరబెట్టి, మళ్లీ అలాగే ముంచండి. మొదటిసారి లేవనివి కొన్ని ఇప్పుడు లేస్తాయి. పోల్చుకోవడానికి 1వ మెట్టులో దాచిన, కడగకముందు బట్టను ఇంకో సీసాలో వేయండి. అందులో పురుగులు వచ్చి, కడిగాక తుడిచిన బట్టలో రెండుసార్లూ రాకపోతే మీ పని సరిగ్గా జరిగింది. రెండింట్లోనూ రాకపోతే పరీక్షే సరిగ్గా జరగలేదేమో అని అనుమానించాలి. నీళ్లు వేడిగా ఉండగానే బట్ట వేసి ఉంటారు.

సీసాను నాలుగు రోజులకు మించి ఉంచకండి. మన వేడిలో పురుగు వారం పది రోజుల్లో దోమవుతుంది. చూడడం అయిపోగానే మరిగే నీళ్లు పోసి బట్టతో సహా పారేయండి.

కాజీపేటలో మా అక్క ఇంట్లో జరిగింది

అక్క వాళ్లింట్లో బాత్రూం బయట ఒక నీలం డ్రమ్ము, దాని పక్కన వాడని సిమెంటు గోళెం ఉండేవి. అక్క ప్రతి శుక్రవారం డ్రై డే అని డ్రమ్ము నీళ్లన్నీ ఒంపి, కడిగి, మధ్యాహ్నం దాకా ఎండబెట్టేది. ఆమె శ్రద్ధలో లోటు లేదు. అయినా మళ్లీ పురుగులు. "ఇంత చేసినా ఎట్లొస్తున్నయ్ తమ్మీ?" అని ఫోన్ చేసింది. ఆ వానాకాలమే మా మేనకోడలికి డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయి వారం రోజులు అందరం టెన్షన్‌తో గడిపాం. అందుకే బయల్దేరి వెళ్లాను.

డ్రమ్ము అడుగు అద్దంలా ఉంది. మూతి అంచు కింద టార్చి పెడితే వంపు పొడవునా నల్ల గింజలు. అక్క బ్రష్ అక్కడిదాకా వెళ్లలేదు. నీళ్లు నిండా పట్టిన రోజు మాత్రమే ఆ వంపు మునుగుతుంది, నిండా పట్టేది నల్లా ఎక్కువసేపు వచ్చిన రోజే. అందుకే పురుగులు కొన్ని వారాలు కనపడి, కొన్ని వారాలు కనపడకుండా ఆమెను తికమక పెట్టాయి.

ఆ అంచు తుడిచిన బట్ట మీద గింజలు లెక్కపెడితే 46 వచ్చాయి. సీసాలో వేస్తే మర్నాటికి 27 పురుగులు. మూడు రోజులు ఆరబెట్టి మళ్లీ ముంచితే ఇంకో 8. మిగతావి సొట్టపడి ఉన్నాయి. వారం వారం ఎండబెట్టిన డ్రమ్ములోనే మూడొంతులకు పైగా గుడ్లు బతికి ఉన్నాయన్నమాట. గోళెంలో నీళ్లు లేవు, కానీ లోపలి గరుకులో గుడ్లు దొరికాయి. అక్క దాన్ని అసలు లెక్కలోకే తీసుకోలేదు, వాన పడితే నిండేది అదే.

డ్రమ్ముకు 3, 4, 5 మెట్లు చేశాం. గోళెం ఇక వాడేది లేదు కాబట్టి బ్లీచింగ్ పూత పూసి కడిగాక మట్టి నింపి తులసి పెట్టింది.

7. కూలర్ ఎత్తిపెట్టేటప్పుడు

వానలు మొదలవగానే కూలర్ నీళ్లు ఒంపి, కవర్ కప్పి, మిద్దె మీద గదిలో పెడతాం. మరుసటి ఏడాది దోమలు అక్కడి నుంచే మొదలవుతాయి. ఎత్తిపెట్టే రోజే ట్రే గోడలు, పంపు కింద మూల, నీళ్లు పంచే సన్నని గొట్టం పెట్టే గాడి సబ్బుతో రుద్దండి. ట్రే ప్లాస్టిక్‌దైతే బ్లీచింగ్ పూత, రేకుదైతే మరిగే నీళ్లు. పంపును విప్పి విడిగా కడగండి. గడ్డి మ్యాట్ల కింది అంచు ట్రే నీళ్లను తాకుతూ ఉంటుంది, గుడ్లు అక్కడా ఉంటాయి. పాత మ్యాట్లను దాచకండి. నల్ల పాలిథిన్ సంచిలో మూతి కట్టి చెత్తబండికి ఇచ్చేయండి. తేనెపట్టు మ్యాట్లయితే కింది నాలుగు వేళ్ల మేర మరిగే నీళ్లు నెమ్మదిగా పోయండి. మార్చిలో మళ్లీ బయటికి తీసినప్పుడు, నీళ్లు పోయకముందే తెల్లబట్ట పరీక్ష ఒకటి చేయండి.

8. పది నిమిషాల్లో అయ్యేవి

ఫ్రిజ్ వెనక ట్రే, కుండీల కింది ప్లేట్లు, మిద్దె మీది పాత టైర్లు, వాడని రోలు. ప్లేట్లకు మరిగే నీళ్లు, లేదా వాటిలో ఇసుక నింపండి. రోలు బోర్లించలేకపోతే ఇసుక పోయండి. టైరు లోపలి గాడిని ఎంత రుద్దినా నమ్మలేం, ఇంట్లో ఉంచకపోవడమే మేలు. పాతసామాను కొనేవాళ్లకు ఇస్తే గుడ్లు కూడా టైరుతో పాటే ప్రయాణం చేస్తాయి, ఎండినవైనా సరే. ఆల్బోపిక్టస్ దోమ ఖండాలు దాటింది ఎక్కువగా వాడిన టైర్లలోనే. కాబట్టి ఇచ్చే ముందు మరిగే నీళ్లు పోసి తిప్పండి.

9. ఇల్లంతా బాగుందా? నల్ల గ్లాసు

డ్రమ్ము శుభ్రమైనా దోమ ఇంకెక్కడో పెడుతూ ఉండొచ్చు. అది తెలుసుకోవడానికి ఒక నల్ల ప్లాస్టిక్ గ్లాసు తీసుకుని, సగం నీళ్లు పోసి, లోపలి గోడ చుట్టూ గరుకు తెల్లకాగితం పట్టీని సగం నీళ్లలో, సగం పైన ఉండేలా పెట్టండి. నీడలో, నేలకు దగ్గరగా, గాలి కొట్టని మూలలో ఐదు రోజులు ఉంచండి. కాగితం తీసి నల్ల గింజలు చూడండి. ఉంటే మీ ఇంటికి వంద, రెండొందల మీటర్ల లోపే దోమలు పుడుతున్నాయి. సాధారణంగా ఏడిస్ అంతకంటే దూరం పోదు. పక్కిళ్ల వాళ్లకు ఆ కాగితం చూపించండి, మాటల కంటే అది బాగా పనిచేస్తుంది.

ఆరో రోజుకు గ్లాసు తీసేయాల్సిందే. మరచిపోతే దోమను పట్టడానికి పెట్టింది కాస్తా దోమను పెంచే గ్లాసవుతుంది. గోడ మీద తేదీ రాసి పెట్టుకోండి.

తరచుగా అడిగేవి

ఫాగింగ్ కొట్టారు, చాలదా? పొగ ఎగిరే దోమను చంపుతుంది. గోడ మీది గుడ్డుకు ఏమీ కాదు. ఆ గుడ్లు మునిగిన వారం పది రోజుల్లో కొత్త దోమలు వస్తాయి.

మున్సిపాలిటీ వాళ్లు వేసే మందు? టెమిఫాస్ నీటిలోని పురుగును చంపుతుంది, గంబూషియా చేపలు పురుగును తింటాయి. రెండూ మంచివే, ఖాళీ చేయలేని సంపులకు, హౌజులకు అవే దిక్కు. కానీ గుడ్డు జోలికి రెండూ పోవు. మందు పని అయిపోయాక లేచే గుడ్లు లేస్తూనే ఉంటాయి. మందు ఎంత వేయాలో ఆరోగ్య సిబ్బందే చూస్తారు, మీ అంతట మీరు వేయకండి.

మండే ఎండలో పెడితే గుడ్లు చావవా? మే నెలలో పూర్తి ఎండలో కాలిపోయే రేకు మీద చాలావరకు చస్తాయి. మరి డ్రమ్ము లోపలి నీడ వైపు, మూతి వంపు, మెట్ల కింది గోళెం? వాటికి ఎండ తగలదు. ఎండను నమ్ముకుని రుద్దడం మానేయకండి.

గుడ్డులోనే డెంగీ ఉంటుందా? తల్లి దోమ నుంచి గుడ్డుకు వైరస్ చేరడం ఉంది కానీ అరుదు. ఎక్కువగా జరిగేది ఇంకోలా ఉంటుంది. వైరస్ జ్వరమొచ్చిన మనిషితో వీధిలోకి వస్తుంది, అప్పటికే ఆ గుడ్ల నుంచి లేచిన దోమలు అక్కడ సిద్ధంగా ఉంటాయి. అందుకే ఇంట్లో ఎవరికైనా డెంగీ జ్వరమొస్తే మొదటి ఐదారు రోజులు పగలు కూడా దోమతెరలో పడుకోబెట్టండి. అదే వారం డ్రమ్ము అంచు రుద్దండి.

ఎన్నాళ్లకోసారి చేయాలి? నీళ్లు పూర్తిగా ఒంపి సబ్బుతో రుద్దడం వారానికోసారి. బ్లీచింగ్ పూత నెలకోసారి, వానాకాలంలో పదిహేను రోజులకోసారి. సీసా పరీక్ష మొదటిసారి కడిగాక ఒకటి, మృగశిర ముందు ఒకటి. అక్క ఇంట్లో ఇలా మొదలుపెట్టిన నెల తర్వాత అంచు తుడిచిన బట్ట తెల్లగానే వచ్చింది. నల్ల గ్లాసు కాగితం మీద మాత్రం ఐదు గుడ్లున్నాయి. కాగితం పట్టుకుని వీధి వెంట నడిస్తే రెండిళ్ల అవతల, కట్టి సగంలో ఆపేసిన ఇంట్లో క్యూరింగ్ నీళ్ల తొట్టి దొరికింది.